కువైట్ నుంచి కమలాపురం: బూడిద ఇటుకల యూనిట్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: డబ్బు పంచుకోవడం

కువైట్‌లో నేను పనిచేసింది కాంక్రీటు బ్లాకులు చేసే యార్డులో. హైడ్రాలిక్ ప్రెస్సులు, మిక్సర్లు, కన్వేయర్లు బాగుచేసే ఫిట్టర్‌గా చేరి, చివరికి మెయింటెనెన్స్ ఫోర్‌మన్ అయ్యాను. అందుకే ఇంటికి తిరిగి వచ్చి ఏం చేయాలన్నది నాకు పెద్ద ప్రశ్న కాలేదు. మా కడప జిల్లా కమలాపురం నుంచి చూస్తే రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు దగ్గరే. బొగ్గు కాల్చగా మిగిలే బూడిద అక్కడ ఉంది, రాతి పొడి దొరికే క్రషర్లు చుట్టుపక్కల ఉన్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలు ఎర్రగుంట్లలోనే ఉన్నాయి. ఫ్లైయాష్ ఇటుకకు, అంటే బూడిద ఇటుకకు, కావలసిన మూడు సరుకులూ ఇంత దగ్గరగా దొరికే చోట్లు ఎక్కువ ఉండవు.

కువైట్ ప్రైవేటు రంగంలో ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే ఇండెమ్నిటీ మొదటి అయిదేళ్లకు ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున లెక్క కడతారు. అదీ, బ్యాంకులో ఉన్నదీ కలిపితే నా దగ్గర 32 లక్షలు తేలింది. వచ్చీ రాగానే చేసిన మొదటి పని, తిరిగి వచ్చేశానని బ్యాంకుకు రాసి ఇచ్చి, ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించడం. ఇక్కడే ఉండిపోవడానికి వచ్చినవాళ్లు ఎన్ఆర్ఈ ఖాతాను అలాగే నడపకూడదు. దాని వడ్డీకి ఉన్న పన్ను మినహాయింపు కూడా మన ప్రవాస హోదా ఉన్నంతవరకే. చాలామంది దీన్ని ఏళ్ల తరబడి వదిలేస్తారు. రేపు యూనిట్ కోసం అప్పుకు వెళ్తే ఇవే స్టేట్‌మెంట్లు బ్యాంకు ముందు పెట్టాలి కాబట్టి ముందే సరిచేసుకున్నాను.

తర్వాత ఇంట్లో కూర్చుని డబ్బును మూడు భాగాలు చేశాం. 12 లక్షలు పిల్లల చదువుకూ ఇంటి ఖర్చుకూ. అది నా భార్య పేరున ఫిక్సెడ్ డిపాజిట్. యూనిట్ ఎంత ఇబ్బందిలో పడినా దాని జోలికి పోకూడదు. 12.5 లక్షలు యూనిట్ మొదలుపెట్టడానికి. మిగిలిన 7.5 లక్షలు రెండో విడత. అమ్మకాలు నేను అనుకున్న గీత దాటితేనే అది బయటికి వస్తుంది. ఆ గీత ఎక్కడుందో అప్పటికి నాకూ తెలియదు. దాన్ని కనుక్కోవడానికే ఆ తర్వాత రెండు నెలలు తిరిగాను.

మార్చి: మూతపడిన యూనిట్లు

నడుస్తున్న యూనిట్లు చూడమని అందరూ చెప్పారు. నేను మూతపడినవి ముందు చూశాను. ప్రొద్దుటూరు వైపు, ముద్దనూరు వైపు ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. ప్రెస్సు మీద టార్పాలిన్ కప్పి ఉంటుంది, మిక్సర్‌లో గట్టిపడిన సిమెంటు ఉంటుంది, యార్డు మూలన విరిగిన ఇటుకల కుప్ప ఉంటుంది.

ఆ యజమానుల్లో ఒక పెద్దాయన గల్ఫ్ నుంచి వచ్చినవాడే. ఆయన ప్రెస్సును నేను దగ్గరగా చూస్తుంటే, "అబ్బీ, మిషన్‌లో ఏం లోపం లేదు. నా లోపం రొటేషన్‌లో ఉండింది" అన్నాడు. రొటేషన్ అంటే సరుకుకూ కూలీలకూ రోజూ తిరగాల్సిన డబ్బు. అప్పు చేయకూడదన్న పట్టుదలతో తెచ్చుకున్న సొమ్మంతా షెడ్డుకూ మిషన్‌కూ పెట్టాడు. మిషన్ తిరగడం మొదలయ్యాక సిమెంటుకూ కూలీలకూ డబ్బు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. అంటే ఏడాదికి 24 శాతం.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఈ ప్రాజెక్టు మొత్తానికీ నాకు దారి చూపింది. వడ్డీ ఒత్తిడి వల్ల ఇటుకను మూడు వారాలు యార్డులో ఉంచే ఓపిక లేకపోయింది. పది రోజులకే లారీ ఎక్కించాడు. చూడటానికి గట్టిగానే ఉంది. గోడ కట్టాక లోపలి తేమ ఆరుతూ ఇటుక ముడుచుకుంది, ప్లాస్టరింగ్ మీద వెంట్రుకవాసి పగుళ్లు వచ్చాయి. రెండు మూడు ఇళ్లలో అలా జరిగేసరికి మేస్త్రీలు ఆయన ఇటుక వద్దన్నారు.

బయటికి అది నాణ్యత తప్పినట్టు కనిపిస్తుంది. మూలం మాత్రం రొటేషన్ డబ్బు లేకపోవడమే. మిగతా మూతపడిన చోట్ల కూడా కాస్త లోతుగా అడిగితే ఇదే కథ వేరే రూపంలో బయటపడింది. ఒకచోట కాంట్రాక్టర్ల దగ్గర ఉద్దెర ఇరుక్కుంది. ఇంకొకచోట వానాకాలంలో ఉత్పత్తి ఆగినా అద్దె, కంతులు ఆగలేదు.

ఏప్రిల్: ఒక్క ఇటుక లెక్క

మా వైపు అడిగేది తొమ్మిది, నాలుగు, మూడు అంగుళాల ఇటుక. పొడి సరుకు ఒక్కోదానికి 2.8 కిలోలు పడుతుంది. మిశ్రమంలో బూడిద 55 శాతం, క్రషర్ డస్ట్ 35, సిమెంటు 10. ఈ నెల మా దగ్గరి రేట్లు పెట్టి వేస్తే సిమెంటు 1.80 రూపాయలు, రవాణాతో కలిపి బూడిద 0.75, డస్ట్ 0.60, కూలీ 0.90, కరెంటు, ఆయిలు, విడిభాగాలు 0.40, విరుగుడు 0.15. మొత్తం 4.60. చేసినా చేయకపోయినా కట్టాల్సిన ఖర్చులు నెలకు 50 వేలు: స్థలం అద్దె, వాచ్‌మన్, లెక్కలు రాసే మనిషి, నా ఇంటికి నేను తీసుకునే 20 వేలు. నా జీతాన్ని ఖర్చులో వేయకుండా లాభం చూపించే లెక్కలు చాలా చూశాను. అలాంటి లెక్క మీద నాకు నమ్మకం లేదు, ఎందుకంటే ఆ లెక్కలో ఇల్లు ఉండదు.

యార్డు దగ్గర జీఎస్‌టీ కాకుండా ధర 6 రూపాయలు. అంటే ఇటుకకు 1.40 మిగులుతుంది. నెలకు 50 వేల ఖర్చు తీరాలంటే దాదాపు 36 వేల ఇటుకలు అమ్మాలి. బ్యాంకు కంతు కలిస్తే ఇంకా పైకి పోతుంది, దాని సంగతి జూన్‌లో రాస్తాను.

అసలు చూడాల్సింది, యార్డులో ఎంత డబ్బు నిలబడి ఉంటుందన్నది. రోజుకు 4 వేల ఇటుకలు, నెలకు పాతిక పనిరోజులు అనుకుందాం. ఇవాళ తీసిన ఇటుక ఒక రోజు పలకల మీదే కప్పి ఉండాలి. తర్వాత రెండు వారాలు నీళ్లు తాగాలి. ఆ తర్వాత ఇంకో వారం ఆరాలి. మొత్తం మూడు వారాలు దాన్ని అమ్మడానికి లేదు. ఆ మూడు వారాల్లో ఆదివారాలు పోగా పద్దెనిమిది పనిరోజుల సరుకు, అంటే 72 వేల ఇటుకలు, నా డబ్బును పట్టుకుని నిలబడి ఉంటాయి. ఒక్కోదానికి 4.60 చొప్పున 3.31 లక్షలు. వారానికి సరిపడా బూడిద, డస్ట్, సిమెంటు నిల్వకు ఇంకో 80 వేలు. సగం అమ్మకం నెలన్నర ఉద్దెరకు పోతుందనుకుంటే 75 వేల ఇటుకల ఖర్చు బయట ఉంటుంది. నెలవారీ 50 వేలలో ఇటుకకు పడే 50 పైసలు కూడా కలిపి ఒక్కోదానికి 5.10 చొప్పున అది 3.8 లక్షలు. మూడూ కలిపితే దాదాపు 8 లక్షలు. అమ్మకాలు ఆలస్యమైతే మూడు నెలల స్థిర ఖర్చులకు ఇంకో లక్షన్నర. మొత్తం తొమ్మిదిన్నర లక్షలు.

చిన్న హైడ్రాలిక్ ప్రెస్సు, పాన్ మిక్సర్, కన్వేయర్ కలిపిన సెట్టుకు నాకు వచ్చిన కొటేషన్ 8.4 లక్షలు. అంటే యంత్రం కన్నా రొటేషన్‌కే ఎక్కువ కావాలి. సరుకంతా ఉద్దెరకు పోతే ఈ తొమ్మిదిన్నర కాస్తా పదమూడు దాటుతుంది.

మే: పెనం మీద బూడిద

యంత్రం కొనకముందే మిశ్రమం తేల్చుకోవాలనుకున్నాను. తెలిసిన వాళ్ల యూనిట్‌లో వాళ్ల పని అయిపోయాక సాయంత్రాలు ట్రయల్ వేసుకోవడానికి ఒప్పుకున్నారు. వాళ్లకు నేను ప్రెస్సు సీళ్లు మార్చి పెట్టాను.

థర్మల్ స్టేషన్‌లో బూడిద రెండు రకాలుగా దొరుకుతుంది. పొగలోంచి పట్టి సైలోలో నింపేది పొడి బూడిద. అది మెత్తగా, సిమెంటు రంగులో ఉంటుంది, బల్కర్ లారీల్లో తోలుతారు. దానికి సిమెంటు ఫ్యాక్టరీలతో పోటీ ఉంది. పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలపవచ్చు కాబట్టి వాళ్లు వదలరు. నీళ్లతో కలిపి చెరువుకు పంపేది రెండో రకం, పాండ్ యాష్. నాలాంటి చిన్న యూనిట్‌కు ఎక్కువగా అందేది ఇదే. కొంచెం ముతకగా ఉంటుంది, తడిగా వస్తుంది. ఇబ్బందంతా ఆ తడిలోనే.

కిలో బూడిద తూచి, ఇంట్లో పాత పెనం మీద వేసి, ఆవిరి ఆగేదాకా వేయించి మళ్లీ తూచాను. 780 గ్రాములు. అంటే అందులో 22 శాతం నీళ్లు. ఒక బ్యాచ్‌కు పొడి లెక్కన 200 కిలోలు పడుతుంది: బూడిద 110, డస్ట్ 70, సిమెంటు 20. పొడి బూడిద 110 కిలోలు రావాలంటే ఈ తడి బూడిద 141 కిలోలు వేయాలి. దాంతోపాటు 31 లీటర్ల నీళ్లు మిక్సర్‌లో పడతాయి. కానీ ప్రెస్సుకు వెళ్లే మిశ్రమానికి మొత్తం కావలసింది ఇరవై లీటర్లే. అంటే నేను చుక్క నీరు కలపకుండానే పదకొండు లీటర్లు ఎక్కువ.

ఎక్కువ నీళ్లయితే ఏం జరుగుతుందో మిషన్ దగ్గర వెంటనే కనిపిస్తుంది. ఇటుక అచ్చుకు అంటుకుంటుంది. పైకి నెట్టినప్పుడు అంచులు లాగుతాయి. పలక మీద పెట్టాక నడుము దగ్గర ఉబ్బుతుంది. తక్కువైతే ఇటుక మధ్యలో అడ్డంగా పొర విడిపోతుంది, తీసుకెళ్తుంటే రెండు ముక్కలవుతుంది. కొన్నిచోట్ల చేసేది, తట్టలతో లెక్కపెట్టి బూడిద పోయడం. తట్టలో ఇవాళ ఎంత నీరుందో రేపు అంత ఉండదు. తడి బూడిద అయితే తట్టలో నిజమైన బూడిద తగ్గి నీళ్లు పెరుగుతాయి. పొద్దున ఇటుకకూ సాయంత్రం ఇటుకకూ తేడా అక్కడే వస్తుంది.

అందుకని బూడిదను గట్టు మీద పలచగా పరిచి, 12 శాతానికి దిగేదాకా ఎండబెట్టి చూశాం. అప్పుడు 125 కిలోలు వేస్తే చాలు, దాంతో 15 లీటర్లు వస్తాయి, పైన ఇంకో అయిదు లీటర్లు సరిపోతాయి. డస్ట్ తడిగా ఉంటే ఆ మేరకు తగ్గించాలి. మే ఎండల్లో మధ్యాహ్నానికే ఆరింది. వానలప్పుడు ఆరదు. కాబట్టి యార్డు ప్లాన్‌లో రెండు మార్పులు చేశాను. ఎండబెట్టే సిమెంటు గట్టు ఒకటి, ఆరిన బూడిద నిల్వకు రేకుల కప్పు ఒకటి.

సిమెంటు విషయంలో ఒక మాట. పీపీసీ వాడితే బస్తాకు కొంత తగ్గుతుంది కానీ అందులో ఇప్పటికే బూడిద ఉంది. బూడిదకు సొంతంగా పట్టు ఉండదు. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో కలిసినప్పుడే దానికి బలం వస్తుంది. ఆ సున్నం ఎక్కువగా ఇచ్చేది బూడిద కలపని ఓపీసీ సిమెంటు. అందుకే ఓపీసీయే వాడాలని తేల్చుకున్నాను. ఈ రసాయన పని నెమ్మదిగా, తడి ఉన్నంతసేపే నడుస్తుంది. మూడు వారాల తడి, ఆరుదల తగ్గించడానికి వీల్లేకపోవడానికి కారణం ఇదే. ఏడో రోజున ఇటుక గట్టిగా అనిపించేది సిమెంటు వల్ల. బూడిద చేయాల్సిన పని అప్పటికి ఇంకా మిగిలే ఉంటుంది.

సిమెంటు 8, 10, 12 శాతాలతో మూడు రకాలు చేసి, 28 రోజులయ్యాక ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో నొక్కించాను. వరసగా చదరపు మిల్లీమీటరుకు 5.1, 7.9, 9.4 న్యూటన్లు వచ్చాయి. నేను పెట్టుకున్న లక్ష్యం 7.5. ఎనిమిది శాతంతో ఇటుకకు 36 పైసలు మిగులుతాయి, కానీ లక్ష్యం అందదు. పదితోనే వెళ్తున్నాను. నీటి పీల్పు ఇంట్లోనే చూశాను. బాగా ఆరిన ఇటుకను తూచి, రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ తూస్తే పదిశాతం రకం దాదాపు 15 శాతం బరువు పెరిగింది. 20 దాటకూడదు.

జూన్, జులై: యంత్రానికి అప్పు, రొటేషన్‌కు సొంత డబ్బు

ఇంట్లో అందరికన్నా మా మామయ్యను ఒప్పించడం కష్టమైంది. "చేతిలో డబ్బు పెట్టుకుని బ్యాంకులో అప్పెందుకు రా?" అన్నాడు. నా జవాబు ఇది. కొత్త యూనిట్‌కు యంత్రం కొంటామంటే బ్యాంకు ముందుకు వస్తుంది. ఎందుకంటే బిల్లు ఉంటుంది, వస్తువు కంటికి కనిపిస్తుంది. యార్డులో తడుస్తున్న ఇటుకల మీద, కాంట్రాక్టర్ ఇవ్వాల్సిన బాకీ మీద కొత్తవాడికి అంత తేలిగ్గా ఇవ్వదు. అవసరం పడినప్పుడు రాని డబ్బు ఏదో, అది సొంతంగా దగ్గర పెట్టుకోవాలి. సులభంగా వచ్చేది అప్పు తీసుకోవాలి. మార్చిలో చూసిన పెద్దాయన దీనికి తలకిందులుగా చేశాడు.

కొత్త యూనిట్లకు సబ్సిడీతో బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎంఈజీపీ దీనికి సరిపోయింది. నేను వెళ్లినప్పటి నిబంధనలు ఇవి. తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు దాకా వర్తిస్తుంది. జనరల్ కేటగిరీ వాళ్లు పదిశాతం సొంతంగా పెట్టాలి. పల్లె ప్రాంతమైతే 25 శాతం సబ్సిడీ. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మాజీ సైనికుల్లాంటి ప్రత్యేక వర్గాలకు పల్లెలో 35 శాతం, సొంత వాటా అయిదు శాతమే. భూమి ధరను ప్రాజెక్టు ఖర్చులో చూపించకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, ఇది కొత్త యూనిట్లకే. ముందు సొంత డబ్బుతో మొదలుపెట్టి, తర్వాత సబ్సిడీకి వెళ్దామనుకుంటే కుదరదు. అందుకే మంజూరు వచ్చేదాకా యంత్రానికి అడ్వాన్సు కూడా ఇవ్వలేదు. సప్లయర్ రేటు పెరుగుతుందని ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. కొంచెం టెన్షన్‌గానే ఉండింది, అయినా ఆగాను.

నా ప్రాజెక్టు రిపోర్టు 11 లక్షలది. యంత్రాలు 8.4, పునాది, గట్లు, నీళ్ల తొట్టి, కరెంటు పని, పలకలు 2.6. నా వాటా 1.1 లక్షలు, బ్యాంకు 9.9 లక్షలు. పది లక్షలలోపు ఉంచడానికి కారణం ఉంది. అప్పటి నిబంధన ప్రకారం ఆ లోపు అప్పుకు తాకట్టు అడగకూడదు. ఇల్లు తాకట్టు పెట్టకూడదన్నది ఫిబ్రవరిలోనే ఇంట్లో అనుకున్న మాట. సబ్సిడీ 2.75 లక్షలు చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే నా పేరున నిలిచి, యూనిట్ నడుస్తుంటే అప్పుకు జమ అవుతుంది. ఆ మేరకు అప్పు మీద వడ్డీ పడదు. మిగిలిన 7.15 లక్షలకు 11 శాతం వడ్డీతో అయిదేళ్లకు నెలకు పదిహేనున్నర వేల కంతు. స్థిర ఖర్చులతో కలిపితే 65,500. ఇటుకకు 1.40 మిగులుతుంది కాబట్టి నెలకు 47 వేల ఇటుకలు అమ్మితేనే తీరుతుంది. ఫిబ్రవరిలో తెలియని గీత ఇదే. వరసగా మూడు నెలలు 60 వేలు దాటితే రెండో విడత 7.5 లక్షలు బయటికి తీస్తాను. అవి కూడా కొత్త యంత్రానికి కాదు, రొటేషన్ పెంచడానికి.

చిన్న పరిశ్రమలకు ఉండే ఉద్యమ్ నమోదు ఉచితం. udyamregistration.gov.in లో ఆధార్‌తో నేనే చేసుకున్నాను. బయట దీనికి వేలు తీసుకునేవాళ్లున్నారు. దీని అసలు ఉపయోగం బిల్లు దగ్గర తెలుస్తుంది. ఉద్యమ్ నంబరున్న చిన్న తయారీదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు కట్టాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఆ గడువు దాటిస్తే కొన్న సంస్థ ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును డబ్బు కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. మార్చి నెలాఖరులో కాంట్రాక్టర్ల అకౌంటెంట్లు దీన్ని పట్టించుకుంటారు. అందుకే బిల్లు పుస్తకం అచ్చు వేయించేటప్పుడే ఉద్యమ్ నంబరు, చెల్లింపు గడువు పైన కనిపించేలా పెట్టించాను.

స్థలం కోసం పొలాన్ని వ్యవసాయేతరంగా మార్పించే జోలికి వెళ్లలేదు. మూతపడిన ఒక యూనిట్ యార్డునే అద్దెకు తీసుకున్నాను. బోరు, త్రీఫేజ్ సర్వీసు, లారీ తిరిగే దారి ఉన్నాయి. నెలకు పదిహేను వేలు.

ఆగస్టు: ప్రెస్సు పరీక్ష

మంజూరు వచ్చింది. పథకం ప్రకారం తీసుకోవాల్సిన శిక్షణ పూర్తి చేశాను. యంత్రం తయారైందని చెప్పాక నేనే సప్లయర్ వర్క్‌షాపుకు వెళ్లాను. ఇలాంటిచోట ఒట్టి మిషన్‌ను తిప్పి చూపించి, సంతకం పెట్టమంటారు. నేను బూడిద, డస్ట్ బస్తాల్లో వెంట తీసుకెళ్లాను. సరుకు వేసి రెండు గంటలు ఆపకుండా నడపమని అడిగాను.

మొదటి అరగంటలో ఏ ప్రెస్సైనా బాగానే ఉంటుంది. ఆయిలు వేడెక్కి పలచబడ్డాక అసలు సంగతి తెలుస్తుంది. ట్యాంకు మీద చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడెక్కిందంటే కూలర్ చాలడం లేదని అర్థం. మా ఎండల్లో అది ఇంకా పెరుగుతుంది. ఇటుకను నొక్కే ర్యామ్‌ను పూర్తి ఒత్తిడిలో ఆపి గేజ్ చూశాను. ముల్లు నెమ్మదిగా జారితే సీళ్లలోనో, వాల్వులోనో లీకు ఉంటుంది. ఇక్కడ నిలబడింది. కూలర్ మాత్రం చిన్నదనిపించింది, పెద్దది పెట్టించాను. తర్వాత మొదటి ఇటుకనూ చివరి ఇటుకనూ వెర్నియర్‌తో కొలిచాను. ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లు దాటితే మేస్త్రీకి వరస కుదరదు, మసాలా ఎక్కువ పడుతుంది. ఒక అచ్చుగడిలో తేడా కనిపించింది, లైనర్ మార్చి ఇచ్చారు. బూడిద, డస్ట్ రెండూ ఒరుసుకునే సరుకులే కాబట్టి లైనర్లు ఎలాగూ అరుగుతాయి. ఒక సెట్టు లైనర్లు, ఒక సెట్టు సీళ్లు అదనంగా ఆర్డరులోనే చేర్పించాను.

అక్టోబరు: వాన

పునాది, గట్లు, తొట్టి పని సెప్టెంబరులో అయిపోయింది. మిక్సర్, హైడ్రాలిక్ మోటార్లు ఒకేసారి మొదలైతే ఫ్యూజులు పోతున్నాయి. స్టార్-డెల్టా స్టార్టర్లు పెట్టి, మిక్సర్ వేగం అందుకున్నాకే ప్రెస్సు వేసేలా వరస మార్చాం.

ఈశాన్య రుతుపవనాల వానలు, మధ్యలో వాయుగుండం. బూడిద గట్టు మీద ఆరలేదు. రేకుల కింద ఆరబెట్టి దాచిన నిల్వ ఉంది కాబట్టి పని పూర్తిగా ఆగలేదు, రోజుకు పదిహేను వందలకు తగ్గించాం. వాన పడుతోంది కదా, తడపడం ఎందుకని కుర్రాళ్లు అడిగారు. వాన దొంతర పైవరసనే తడుపుతుంది. గాలి తగిలే పక్క ఇటుకలు పొడిగానే ఉంటాయి. గోనెపట్టాలు కప్పి, పక్కల నుంచి నీళ్లు కొట్టించాను.

నవంబరు: ఇప్పుడు ఎక్కడున్నాం

ఒక్కో దొంతర మీద తీసిన తేదీ, అమ్మదగిన తేదీ రంగుతో రాస్తున్నాం. రెండో తేదీ రానిది లారీ ఎక్కదు. కిందటి వారం ఒక కాంట్రాక్టర్ వచ్చి పదకొండు రోజుల దొంతర చూసి, రొక్కం ఇస్తాను, ఇప్పుడే పదివేలు లోడ్ చేయమన్నాడు. ఇటుకల కొరత ఉండింది, రూపాయి పావలా ఎక్కువ ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. ఇవ్వకుండా ఉండగలిగింది ఆ రోజు ఖాతాలో రొటేషన్ డబ్బు ఉండబట్టి.

మొదటి అమ్మకాలు సొంత ఇళ్లు కట్టుకునేవాళ్లకే. సగం ముందు, మిగతాది లోడ్ చేసేటప్పుడు. వాళ్లను తెచ్చింది మేస్త్రీలు. ఏప్రిల్ నుంచే వాళ్ల పనుల దగ్గరికి వెళ్లి కూర్చునేవాణ్ణి. ఒక మేస్త్రీ ఇటుక చేతికి తీసుకుని రెండింటినీ కొట్టి శబ్దం విన్నాడు, అంచును నాణెంతో గీకాడు, పొడి రాలలేదు. "అన్నా, ఇది ఇట్లే ఇస్తావా, ఈ లోడ్ ఒక్కదానికేనా?" అన్నాడు. తేదీ రాసిన దొంతరలు చూపించాను. వాళ్లకు ఇంకొకటి కూడా చెబుతున్నాను. ఈ ఇటుకను మట్టి ఇటుకలా గంటలకొద్దీ నానబెట్టొద్దు, కట్టేముందు పైన నీళ్లు చల్లితే చాలు. నిండా నానినది గోడలో ఆరుతూ ముడుచుకుంటుంది, అప్పుడు మూడు వారాలు ఉంచిన ఫలితం కూడా పోతుంది.

ఈ నెల అమ్మకం 31 వేలు. బ్యాంకు కంతు ఇంకా మొదలు కాలేదు కాబట్టి చూడాల్సిన గీత ఇప్పటికి 36 వేలే. దానికి అయిదు వేలు తక్కువ. తొమ్మిదిన్నర లక్షల రొటేషన్‌లో యార్డులో ఇటుకలుగా 2.6 లక్షలు, సరుకు నిల్వ 0.9, ఉద్దెర 0.4, బ్యాంకులో 5.1. మిగతా యాభై వేలు వానల నెలలో స్థిర ఖర్చులకు పోయాయి. ఈ బ్యాంకు నిల్వ మూడు లక్షల కిందికి వస్తే ఉత్పత్తి తగ్గించాలని రాసిపెట్టుకున్నాను. అమ్మకం లేకుండా ఇటుక పేర్చుకుంటూ పోతే డబ్బు బ్యాంకులోంచి యార్డులోకి మారి అక్కడే ఉండిపోతుంది.

కంతు మొదలయ్యేలోగా 47 వేలు చేరాలి. దానికి సొంత ఇళ్లవాళ్లు ఒక్కరే చాలరని తెలుస్తోంది. ఇద్దరు కాంట్రాక్టర్లతో మాట్లాడుతున్నాను. నెలకు పదివేల ఇటుకల దాకానే ఉద్దెర, ముప్పై రోజుల గడువు, పాత బిల్లు తీరాకే కొత్త లోడ్. ఒకతను ఒప్పుకున్నాడు, కాగితం మీద సంతకం సోమవారం. ఇంకొకతను అరవై రోజులు అడుగుతున్నాడు. అతనికి ఇంకా జవాబు చెప్పలేదు, ముందుగా అతనికి డస్ట్ తోలే క్రషర్ వాళ్లను బాకీలు ఎలా తీరుస్తాడో అడగాలి. ఈ బ్యాచ్ ఇటుకలు కూడా ల్యాబ్‌కు వెళ్లాయి, 28 రోజుల ఫలితం డిసెంబరులో వస్తుంది.